పంచ్ కొట్టాక చేసిన పని ఎవరి లెక్కలోకి?

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల వైపు మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకు షిఫ్ట్ అయిపోవడం వేరు, పని అయిపోవడం వేరు. గడియారంలో పదిన్నర అవుతుంది. ప్యాకింగ్ లైన్ మీద బ్యాచ్ ఇంకా తెమలదు. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, ‘ముందు వెళ్లి పంచ్ కొట్టేసి రండి, అయిదు నిమిషాల్లో తేల్చేద్దాం’ అని. ఆ అయిదు నిమిషాలు గంటవుతుంది. హాజరు యంత్రం దృష్టిలో మాత్రం ఆ మనిషి పదిన్నరకే ఇంటిదారి పట్టాడు. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అన్నట్టుగా ఆ గంట కంపెనీ ఖాతాలో కలిసిపోతుంది.

అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ‘అప్పజెప్పిన పని టైములో పూర్తి చేయనిది మీరు. దానికి ఓటీ ఎలా ఇస్తాం?’ వినడానికి న్యాయంగానే ఉంటుంది కాబట్టి చాలామంది తలూపి వెళ్లిపోతారు. కానీ ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పని ఎందుకు మిగిలింది అన్నది ఒకటి. మనిషి ఎంతసేపు పనిచేశాడు అన్నది మరొకటి. ఓటీ రిజిస్టర్ పుట్టింది రెండో ప్రశ్న కోసమే. మొదటిదానికి జవాబు ఏదైనా, రెండోదాని అంకె మారడానికి వీల్లేదు.

చట్టం కూడా ఈ తేడాను పట్టించుకుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో పనిగంటల హద్దులు చెప్పే సెక్షన్లన్నీ ఒకే రకం మాట వాడతాయి. ఫలానా గంటలకు మించి కార్మికుడి చేత పని చేయించకూడదు, చేయనివ్వకూడదు. ఆ రెండో మాటలోనే అంతా ఉంది. ‘మేం ఉండమనలేదు, వాళ్లే ఉన్నారు’ అనే వాదనకు అక్కడ చోటు లేదు. కళ్లముందు పని జరుగుతుంటే ఆపకపోవడం కూడా చేయనివ్వడమే. అదే చట్టంలోని 103వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. పని నడుస్తుండగా, భోజన విరామంలో తప్ప, ఫ్యాక్టరీలో కనిపించిన మనిషి అక్కడ పనిలో ఉన్నట్టే లెక్క. కాదని నిరూపించుకోవలసింది అవతలివాళ్లు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టం స్థానాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ తీసుకుంది. అందులోనూ చేయించడం, చేయనివ్వడం రెండూ ఉన్నాయి. ఓటీకి రెట్టింపు వేతనం అన్న సూత్రం అలాగే ఉంది. కొత్తగా వచ్చింది ఏమిటంటే, కార్మికుడు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలి, ఆ గంటలను రోజు లెక్కన చూస్తే మేలా, వారం లెక్కన చూస్తే మేలా అన్నది కార్మికుడికి లాభమైన వైపు నుంచి చూడాలి. రోజుకు ఎన్ని గంటలు, మూడు నెలలకు ఎంత ఓటీ అనే హద్దుల్లో రాష్ట్రాల నియమాలను బట్టి తేడాలున్నాయి. వారానికి 48 గంటలు అన్న గీత మాత్రం పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఉంది. అందుకే ఇక్కడ దాన్నే పట్టుకుని లెక్క చూద్దాం.

ఒక బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్ అనుకుందాం. కంపెనీ, మనుషులు ఊహించినవే గానీ పని మాత్రం రోజూ జరిగేదే. రెండో షిఫ్ట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10.30 వరకు. మధ్యలో 6 నుంచి 6.30 దాకా భోజనం. అంటే పని 8 గంటలు, వారానికి ఆరు రోజులు, సరిగ్గా 48. ఈ లైన్‌కు రాత్రి షిఫ్ట్ లేదు. బుధవారం ఒక బ్యాచ్ మాత్రలు పది చొప్పున స్ట్రిప్పుల్లోకి, స్ట్రిప్పులు పది చొప్పున అట్టపెట్టెల్లోకి వెళ్లాలి. సాయంత్రం 7.10కి బ్యాచ్ నంబర్, తేదీలు ముద్రించే యంత్రం మొరాయించింది. అక్షరాలు చెదిరి పడుతుంటే లైన్ ఆపేశారు. మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి 8 అయింది. యాభై నిమిషాలు పోయాయి.

పదిన్నరకు చివరి పెట్టెలు ఇంకా పెద్ద కార్టన్లలోకి సర్దుతున్నారు. అదైనా పని పూర్తికాదు. ఆ తర్వాత రెండు పనులుంటాయి. మొదటిది రికన్సిలియేషన్. స్టోర్స్ నుంచి ఎన్ని ముద్రించిన పెట్టెలు, ఎంత ఫాయిల్ తెచ్చారు, ఎన్ని వాడారు, ఎన్ని పాడయ్యాయి, ఎన్ని మిగిలాయి అన్నది లెక్క తేల్చాలి. ఒక బ్యాచ్ పేరుతో ముద్రించిన పెట్టె ఇంకో బ్యాచ్‌లోకి పొరపాటున జారితే మొత్తం సరుకునే వెనక్కి తెప్పించాల్సి రావచ్చు. రెండోది లైన్ క్లియరెన్స్. పాత బ్యాచ్ తాలూకు ఒక్క మాత్ర, ఒక్క కాగితం కూడా లైన్ మీద మిగల్లేదని చూసి సంతకం చేయాలి, క్వాలిటీ వాళ్లు మళ్లీ చూసి సంతకం చేయాలి. ‘రేపు చూద్దాంలే’ అని దీపాలార్పి వెళ్లే పనులు కావివి. ఆ రాత్రి మన ఆపరేటర్ లైన్ వదిలింది 11.40కి. డెబ్బై నిమిషాలు ఎక్కువ.

రిజిస్టర్‌లో ఏం రాయాలి? తేదీ, టోకెన్ నంబర్, పేరు, షిఫ్ట్ వేళలు. పని మొదలైన నిజమైన సమయం, ముగిసిన నిజమైన సమయం. విరామం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. ఓటీ 1 గంట 10 నిమిషాలు. ఎవరు ఉంచారు, కార్మికుడి సంతకం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తేడా వచ్చేది కారణం గడి దగ్గర. చాలా రిజిస్టర్లలో అక్కడ ‘పెండింగ్ వర్క్’ అని ఉంటుంది, నెలంతా అదే మాట, కింద డిటో గుర్తులతో సహా. దాన్ని చదివిన పైఅధికారికి మనుషులు మందకొడిగా ఉన్నారనే అనిపిస్తుంది. దాని బదులు ‘ముద్రణ యంత్రం 7.10–8.00 ఆగింది, 10.30 తర్వాత సర్దకం, రికన్సిలియేషన్, లైన్ క్లియరెన్స్’ అని ఒక వాక్యం రాస్తే ఆ డెబ్బై నిమిషాల్లో యాభై ఎక్కడ పోయాయో కాగితమే చెబుతుంది. నెలాఖరున ఇలాంటి వాక్యాలు పది కనిపిస్తే తప్పు మనుషులదో యంత్రానిదో ప్లానింగ్‌దో తేలిపోతుంది. కారణం డబ్బు ఇవ్వాలా వద్దా తేల్చడానికి కాదు, రేపు మళ్లీ ఇలా జరగకుండా చూసుకోవడానికి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించవద్దంది. తర్వాత కనీసం అరగంట విరామం ఉండాలి. కొన్ని రాష్ట్రాలు దీన్ని సడలించాయి, అది వేరే సంగతి. మన ఆపరేటర్ భోజనం చేసి 6.30కి లైన్ మీదికొచ్చాడు. అయిదు గంటలంటే 11.30. అతను దిగింది 11.40కి. ఆ పది నిమిషాలు విరామం లేకుండా చేసినవి. ఉన్నది ఉన్నట్టు రాస్తే కంపెనీ తప్పు కంపెనీ రిజిస్టర్లోనే కనిపిస్తుంది. అందుకే టైమ్ ఆఫీసు నుంచి ఒక ఫోను వస్తుంది, ‘11.30 అని రాసేయండి, పది నిమిషాల కోసం గొడవెందుకు’ అని. ఓటీ తప్పుగా నమోదు కావడానికి డబ్బు మిగుల్చుకోవాలనే ఆశ ఒక్కటే కారణం కాదు. ఇంకో నియమాన్ని దాటిన సంగతి దాచుకోవాలనే తొందర కూడా. పదిన్నర సమయంలోనే ‘గంటకు పైగా పడుతుంది’ అని అంచనా వేసి, మధ్యలో అరగంట టీకి వదిలి, మళ్లీ లైన్ మీదికి పిలిచి ఉంటే రాత నిజమయ్యేది, నియమమూ నిలిచేది. ఆ అరగంట ఓటీలోకి రాదు, మనిషి ఇంటికి ఇంకా ఆలస్యంగా వెళతాడు. అయినా సరైన దారి అదే.

ఇక డబ్బు. ఓటీకి లెక్కగట్టేది బేసిక్ ఒక్కదాని మీదే అనుకుంటారు చాలామంది. పాత చట్టం మాట స్పష్టంగా ఉంది. మామూలు వేతనం అంటే బేసిక్‌తో పాటు ఆ సమయానికి హక్కుగా వచ్చే అలవెన్సులు కూడా. బోనస్, ఓటీ డబ్బు మాత్రం కలపకూడదు. కొత్త కోడ్‌లలో వేతనం అన్న మాటకు నిర్వచనం మారింది గానీ అక్కడా బేసిక్ ఒక్కటే కాదు, కరువు భత్యం కూడా అందులో భాగం. మన ఆపరేటర్‌కు అలా లెక్కకు వచ్చే జీతం నెలకు రూ.18,200 అనుకుందాం. 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు రూ.700. ఎనిమిదితో భాగిస్తే గంటకు రూ.87.50. ఓటీ గంటకు రూ.175. బుధవారం డెబ్బై నిమిషాలకు వచ్చేది సుమారు రూ.204.

ఒక్కరోజు కాకుండా వారం మొత్తం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మంగళవారం 25 నిమిషాలు, బుధవారం 70, గురువారం 20, శనివారం 35 ఎక్కువ పనిచేశాడు. మొత్తం 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు, రూ.437.50. కానీ చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో అరగంట నిండితేనే ఓటీ, అదీ అరగంటల లెక్కలోనే అని బిగించి ఉంటుంది. అప్పుడు మంగళ, గురువారాలు సున్నా. బుధవారం గంట, శనివారం అరగంట. వచ్చేది రూ.262.50. తేడా వారానికి రూ.175. నాలుగు వారాలకు రూ.700, సరిగ్గా ఒక రోజు జీతం. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. యంత్రానికి కిందికే కోయడం నేర్పారు, అంతే. పైకీ కిందికీ సమానంగా సవరిస్తే నెల తిరిగేసరికి సర్దుకుంటుందేమో గానీ ఎప్పుడూ కిందికే పోయే లెక్కను సవరణ అనడం నాకు చేతకాదు. కేంద్రం 2020లో విడుదల చేసిన ముసాయిదా నియమాలు దీనికి ఎదురుదిశలో ఆలోచించాయి. 15 నుంచి 30 నిమిషాల మధ్య ఉంటే అరగంటగా, 30 దాటితే గంటగా లెక్కించాలన్నాయి. మీ ఫ్యాక్టరీకి వర్తించే నియమంలో ఏముందో నోటీసు బోర్డు మీద వెతకండి, లేకపోతే అడగండి. అది తేలేదాకా రిజిస్టర్లో నిమిషాలు నిమిషాలుగానే ఉండాలి. డబ్బు లెక్కకట్టేటప్పుడు సవరించుకోవచ్చు. రాసేటప్పుడే కోసేస్తే ఆ తర్వాత వెతికినా దొరకవు.

రోజువారీగా రాయడం ఎందుకంటే, వారం మొత్తం ఒక్క అంకెగా వేస్తే కొన్ని హక్కులు కనబడకుండా పోతాయి. మన ఆపరేటర్ ఆ సోమవారం జీతం లేని సెలవు పెట్టాడనుకోండి. వారానికి 42 గంటల 30 నిమిషాలే అయింది, 48 దాటలేదు, కాబట్టి ఓటీ లేదు పొమ్మంటారు. కానీ రోజు హద్దు అని ఇంకోటి ఉందిగా. పాత చట్టం కింద రోజుకు తొమ్మిది గంటలు దాటినా రెట్టింపే, బుధవారం అతను పనిచేసింది 9 గంటల 10 నిమిషాలు. కొత్త కోడ్‌లో రోజుకు ఎనిమిది గంటలు, పైగా ఏది లాభమైతే అది. రోజు విడిగా రాసి ఉంటేనే ఈ ప్రశ్న అడగగలం. బుధవారం గంటను తీసి ఖాళీగా ఉన్న శుక్రవారంలో వేసే ‘సర్దుబాటు’ కూడా ఇందుకే తప్పు.

అర్ధరాత్రి దాటితే మరో తికమక. 12.20కి దిగితే ఆ ఇరవై నిమిషాలు గురువారానివి అనిపిస్తుంది, తేదీని బట్టి నడిచే సాఫ్ట్‌వేర్ కూడా అలాగే అనుకుంటుంది. 57వ సెక్షన్ చెప్పింది వేరు. అర్ధరాత్రి దాటి సాగే షిఫ్ట్‌లో ఆ తర్వాతి గంటలు ముందురోజు ఖాతాలోకే రావాలి. లేదంటే ఒకే పని రెండు రోజుల మధ్య చీలి, రెండు రోజుల్లోనూ హద్దు లోపలే ఉన్నట్టు కనబడుతుంది.

డబ్బు బదులు కాంప్ ఆఫ్ ఇస్తామనడం కూడా మామూలే. బదులు సెలవు అనేది చట్టంలో ఉంది, కానీ అది పోయిన వారపు సెలవుకు బదులు. రోజూ గంట ఎక్కువ చేసినదానికి రెట్టింపు వేతనాన్ని ఎగ్గొట్టే మార్గంగా దాన్ని పెట్టలేదు.

మళ్లీ పంచ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మందుల కంపెనీలో ఆ అలవాటు యాజమాన్యానికే ఎక్కువ ప్రమాదం. ప్రతి బ్యాచ్‌కు ఒక ప్యాకింగ్ రికార్డు ఉంటుంది. ప్రతి అంచె దగ్గరా చేసినవాళ్ల సంతకం, తేదీ, సమయం, పని జరిగిన క్షణంలోనే రాయాలన్నది ఆ రంగంలో మొదటి పాఠం. లైన్ క్లియరెన్స్ కింద మన ఆపరేటర్ సంతకం 11.35కి ఉంది. హాజరు యంత్రంలో అతను బయటికి వెళ్లింది 10.32కి. తనిఖీకి వచ్చినవాళ్లు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే రెండే అర్థాలు. హాజరు అబద్ధం, లేదా సంతకం అబద్ధం. మొదటిదైతే కార్మిక శాఖతో తంటా. రెండోదైతే లేని మనిషి పేరుతో ఎవరో సంతకం పెట్టారని, ఆ బ్యాచ్ రికార్డునే నమ్మలేమని అర్థం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు మన ప్లాంట్లకు వచ్చినప్పుడు రికార్డుల్లో ఇలాంటి పొంతన లేని సమయాల కోసం చూస్తారు. రెండొందల రూపాయల ఓటీ దాచబోయి, ఎగుమతికి వెళ్లాల్సిన బ్యాచ్ మీద అనుమానం తెచ్చుకోవడం అంటే ఇదే. గేటు రిజిస్టర్, బస్సు ట్రిప్ షీట్, యంత్రంలోనే నమోదయ్యే ఆగిన వేళలు కూడా సాక్ష్యాలే. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్ల విషయంలో కాంట్రాక్టర్ మస్టర్ మరో కాగితం. అందులో ఎనిమిది గంటలే ఉండి లైన్ రికార్డులో తొమ్మిది ఉంటే, ఎగ్గొట్టిన వేతనం చివరికి అసలు కంపెనీ మెడకే చుట్టుకుంటుంది.

పొరపాటున తక్కువ నమోదైతే సరిదిద్దే పద్ధతి కూడా బ్యాచ్ రికార్డులోలాగే ఉండాలి. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, సరిదిద్దిన రోజు తేదీ. వైట్‌నర్ పూసిన ఓటీ రిజిస్టర్ ఎవరికీ ఉపయోగపడదు, కార్మికుడికి అసలే పడదు.

ముందస్తు అనుమతి లేదు కాబట్టి ఓటీ లేదు అనేవాళ్లకు ఒక మాట. అనుమతి నియమం పెట్టుకోవచ్చు, అది మంచిదే. అనుమతి లేకుండా ఆగిన మనిషిని మందలించవచ్చు. నిజంగా పని దొంగ అయితే మెమో ఇవ్వవచ్చు, దానికి వేరే దారి ఉంది. అయితే ఆ పని జరిగింది, సరుకు ప్యాకైంది, కంపెనీ దాన్ని అమ్ముకుంటుంది. వద్దనుకుంటే పదిన్నరకు లైన్ ఆపించాల్సింది. అమెరికాలో కొలువులు చేస్తున్న మనవాళ్ల పిల్లలకూ ఇది పనికొస్తుంది. అక్కడి ఫెడరల్ కార్మిక శాఖ నియమాల్లో ఇదే సంగతి సూటిగా ఉంది. ఎవరూ అడక్కపోయినా, అప్పజెప్పిన పని పూర్తి చేద్దామని మనిషి షిఫ్ట్ తర్వాత ఆగినా, యజమానికి అది తెలిసి ఊరుకుంటే అది పని సమయమే. కారణంతో నిమిత్తం లేదు. పని వద్దనుకుంటే జరగకుండా చూసుకోవడం యాజమాన్యం బాధ్యత అని కూడా అక్కడ రాసి ఉంది. గంటల జీతానికి దుకాణాల్లో, గోదాముల్లో పనిచేసేవాళ్లు ‘క్లాక్ అవుట్ అయ్యి షెల్ఫులు సర్దేసి వెళ్లు’ అన్న మాటకు ఒప్పుకోనక్కర్లేదు.

సూపర్‌వైజర్ల బాధ కూడా చెప్పాలి. చాలాచోట్ల వాళ్లకు ఓటీ లేదు. తమ లైన్ మీద ఓటీ పెరిగితే మాట పడేది వాళ్లే. ‘పంచ్ కొట్టి రండి’ అనే మాట తరచుగా దుర్మార్గంతో రాదు, పై నుంచి వచ్చే ఈ ఒత్తిడితో వస్తుంది. ఓటీ అంకె తగ్గించిన సూపర్‌వైజర్‌ను మెచ్చుకునే కంపెనీలో ఏ రిజిస్టరూ నిజం చెప్పదు.

మీరు లైన్ మీద పనిచేసేవాళ్లయితే, ప్యాకింగ్ హాల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి లాకర్ రూమ్‌లో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. లైన్ వదిలిన సమయం, ఆ రాత్రి చివరగా చేసిన పని, ఉండమన్నది ఎవరు, ఎక్కిన బస్సు సమయం, అంతే, అదే రాత్రి రాయండి. నెలాఖరున వేతన చీటీలోని ఓటీ గంటలతో పోల్చి చూడండి. తేడా ఉంటే ముందు టైమ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అక్కడ తేలకపోతే, కొత్త వేతనాల కోడ్ కింద బాకీ పడిన నాటి నుంచి మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయవచ్చు. అప్పుడు డబ్బు చెల్లించామని నిరూపించాల్సిన భారం యజమాని మీదే ఉంటుంది.